రుచి చూడకుండానే పరమాన్నం పదును తెలుసుకోవడం

మాఘ శుద్ధ సప్తమి నాడు, అంటే రథసప్తమి నాడు, మన ఇళ్లలో సూర్యునికి ఎదురుగా పిడకల మంటపై పాలు పొంగించి, కొత్త బియ్యంతో పరమాన్నం వండి, చిక్కుడు ఆకులలో నివేదిస్తారు. నివేదనకు ముందు పరమాన్నాన్ని రుచి చూడరాదు. అందువల్ల గింజ ఉడికినదీ లేనిదీ, చిక్కదనం సరిపోయినదీ లేనిదీ వండేవారు కంటితోను, గరిటెతోను, వేలితోను గ్రహించాలి. తీపిని మాత్రం ముందే కొలతతో నిర్ణయించుకోవాలి.

ఒక లీటరు చిక్కని పాలకు 100 గ్రాముల బియ్యం, 175 గ్రాముల బెల్లం సరిపోతాయి. బియ్యాన్ని కడిగి అరగంట నానబెట్టి, నీరు వంచి ఉంచుకోవాలి. కొత్త బియ్యం త్వరగా మెత్తబడి పాలతో కలిసిపోతుంది. పాత బియ్యమైతే మరికొంత సేపు ఉడకాలి, మరికొన్ని పాలు పట్టాలి.

అడుగు మందంగా ఉన్న పాత్రలో పాలు ఒక పొంగు రాగానే బియ్యం వేసి మంట తగ్గించాలి. పిడకల నిప్పు పొయ్యిలో తనంతట తానే నిదానంగా కాలుతుంది. గ్యాసు పొయ్యిపై ఆ నిదానాన్ని మనమే కల్పించుకోవాలి. పాత్ర అంచుల వద్ద చిన్న బుడగలు లేస్తూ, నడుమ పాలు మెల్లగా కదులుతూ ఉంటే మంట సరిగా ఉన్నట్లు. పాలన్నీ ఒక్కసారిగా ఎగసిపడుతుంటే మంట ఎక్కువైనట్లే. అప్పుడు పాలు త్వరగా ఇంకిపోతాయి గాని గింజ నడుమ పలుకు మిగిలిపోతుంది. అడుగున పాలు అంటుకొని మాడుతాయి.

బియ్యం వేసిన మొదటి ఐదు నిమిషాలు గరిటెతో అడుగు తాకేటట్లు కలుపుతూనే ఉండాలి. గింజలు అడుగుకు చేరి అంటుకునేది అప్పుడే. ఆ తరువాత రెండు మూడు నిమిషాలకొకసారి కలిపితే చాలు. అంచులకు పట్టిన మీగడను తీసి పాలలో కలిపివేయాలి. చివరి పది నిమిషాలు చిక్కదనం పెరుగుతుంది గనుక మరల ఆపకుండా కలపాలి. ఒకవేళ మాడు వాసన తగిలితే అడుగును గీకరాదు. పైభాగాన్ని వెంటనే వేరొక పాత్రలోకి ఒంపుకోవాలి.

దాదాపు 40 నిమిషాలకు గింజ పూర్తిగా ఉడుకుతుంది. ఒక గింజను బయటకు తీసి రెండు వేళ్ల మధ్య నొక్కి చూడాలి. నడుమ తెల్లని గట్టి చుక్క లేకుండా మెత్తగా నలిగితే ఉడికినట్లు. ఆ గింజను తిరిగి పాత్రలో వేయరాదు. చిక్కదనానికి మరొక గుర్తు ఉంది. గరిటెతో పాత్ర అడుగున ఒక గీత గీస్తే, ఆ దారి క్షణకాలం నిలిచి మెల్లగా మూసుకోవాలి. అంతకంటె గట్టిపడేవరకు పొయ్యిపై ఉంచరాదు. చల్లారినకొద్దీ బియ్యపు పిండి బిగుసుకొని పరమాన్నం మరింత చిక్కబడుతుంది.

గింజ మెత్తబడిన తరువాతనే బెల్లం కలపాలి. తీపి ముందుగా చేరితే నీటిని తనవైపు పట్టి ఉంచుతుంది. అందువల్ల గింజలోని పిండి త్వరగా ఉబ్బదు, పలుకు పోవడానికి ఎక్కువ సేపు పడుతుంది. బెల్లానికి సహజంగా కొంత పులుపు ఉంటుంది గనుక, మరుగుతున్న పాలలో వేస్తే పాలు విరిగిపోయే ప్రమాదమూ ఉంది. కాబట్టి బెల్లాన్ని అరగ్లాసు నీటిలో కరిగించి, పాకం రానీయక, ఇసుక, నలకలు పోయేటట్లు వడకట్టి గోరువెచ్చగా చల్లార్చాలి. పరమాన్నాన్ని పొయ్యి మీద నుండి దించి, పది నిమిషాలు ఆగి, బెల్లపు నీటిని కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. ఆ తరువాత మరల మరిగించరాదు.

బెల్లం పాతదైతే, ముదురు రంగులో ఉంటే, ముందుగా ఒక పరీక్ష చేయడం మేలు. చిన్న గిన్నెలో రెండు చెంచాల వేడి పాలు విడిగా తీసుకొని అందులో కాస్త బెల్లపు నీరు వేయాలి. సన్నని పలుకులు తేలి, వాటి చుట్టూ పలుచని నీరు విడివడితే ఆ బెల్లం పాలకు పనికిరాదు. పెద్ద పాత్రలో విరిగిన పాలను తిరిగి సరిచేయడం సాధ్యం కాదు. గిన్నెలోనే తెలుసుకుంటే వేరే బెల్లం తెచ్చుకోవడానికి వ్యవధి ఉంటుంది. చివరగా ఏలకుల పొడి, నేతిలో వేయించిన జీడిపప్పు, కిస్‌మిస్ కలిపితే నైవేద్యం సిద్ధమవుతుంది.

ఇతర దినాలలో సేమియాతో పాయసం చేసేవారు లీటరు పాలకు 60 గ్రాముల సేమియా తీసుకొని, నేతిలో బంగారు రంగు వచ్చేవరకు వేయించి, మరిగిన పాలలో వేయాలి. సన్న మంటపై ఎనిమిది నుండి పది నిమిషాలలో అది ఉడుకుతుంది. దించిన తరువాత కూడా సేమియా పాలను పీలుస్తూనే ఉంటుంది గనుక, పరమాన్నం కంటె బాగా పలుచగా ఉండగానే దించాలి. పంచే వేళకు గట్టిపడితే చల్లని పాలు కాక, కాచిన వేడి పాలు కలిపితే ముద్ద తేలికగా విడుతుంది.