ఆరు రోజులైనా విరేచనం కాకపోతే

ఏప్రిల్, మే నెలల్లో నూజివీడు చుట్టుపక్కల మామిడి కోతలు ముమ్మరంగా ఉంటాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురు, ఒడిలో ఏడు వారాల మనవడు, అమ్మమ్మ ఉన్న ఒక ఇల్లు అనుకుందాం. బాబు తల్లిపాలు తప్ప మరేదీ తాగడు. మొదటి నెల రోజుకు ఐదారుసార్లు విరేచనం అయ్యేది. ఇప్పుడు ఐదు రోజులుగా లేదు. "ఎండలకి వేడి చేసినట్టుందమ్మా, కాస్త ఆముదం పట్టిద్దాం" అంటుంది అమ్మమ్మ.

ఆముదం తీసే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. బాబు రోజుకు ఏడెనిమిదిసార్లు ఉచ్చ పోస్తున్నాడు, పాలు ఆత్రంగా తాగుతున్నాడు. పొట్ట మెత్తగా ఉంది, గాలి పోతోంది. పుట్టినప్పుడు 2.9 కిలోలు ఉన్న బరువు, 42వ రోజున ఆశా కార్యకర్త తూచినప్పుడు 4 కిలోలు దాటింది. ఇది మలబద్ధకం కాదు. ఆరో రోజున పసుపుపచ్చగా, మెత్తగా, బట్టలన్నీ తడిపేంత విరేచనం అవుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, మొదటి వారాల్లో పొట్టలో పాలు పడగానే పెద్దపేగు కదులుతుంది కాబట్టి తాగిన ప్రతిసారీ విరేచనం కావచ్చు. నెలా నెలన్నర దాటాక ఆ స్పందన నెమ్మదిస్తుంది. తల్లిపాలు దాదాపుగా పూర్తిగా ఒంటబట్టడంతో మిగిలే పిప్పి కూడా తక్కువే. అందుకే కొందరు పిల్లలకు వారం రోజులు, అంతకుమించి కూడా విరేచనం కాదు. రోజుల లెక్క కన్నా వచ్చినప్పుడు మలం మెత్తగా ఉందా లేదా అన్నదే ముఖ్యం. అయితే మొదటి నెలలోపు పసిబిడ్డకు విరేచనాలు తగ్గితే పాలు చాలడం లేదేమో చూడాలి. ఐదో రోజు తర్వాత రోజుకు ఆరుసార్లు ఉచ్చ పోయకపోయినా, బరువు పెరగకపోయినా ఆస్పత్రిలో చూపించాలి.

డబ్బాపాల సంగతి వేరు. ఆ పిల్లలకు సాధారణంగా రోజుకు ఒకటి రెండుసార్లు, ముద్దగా, గోధుమరంగులో, కాస్త ఎక్కువ వాసనతో అవుతుంది. చాలా రకాల డబ్బాపాలలోని ఒక కొవ్వు ఆమ్లం పేగులో విడిపోయి, కాల్షియంతో కలిసి కరగని సబ్బులాంటి పదార్థంగా మారి మలాన్ని గట్టిపరుస్తుంది. తల్లిపాలలో అదే ఆమ్లం కొవ్వు అణువులో వేరే చోట అతుక్కుని ఉండటంతో అలా తేలిగ్గా విడిపోదు.

పక్కింట్లో డబ్బాపాలు తాగే నాలుగు నెలల పాపను చూద్దాం. వారానికి రెండుసార్లే, మేకపెంటికల్లా ఉండలుగా వస్తుంది, ఏడుస్తూ ముక్కుతుంది, ఒకసారి నెత్తుటి చార కూడా కనిపించింది. అసలైన మలబద్ధకం అంటే ఇదీ. ఇక్కడ మొదట అడగాల్సింది పాలు ఎలా కలుపుతున్నారని. "పాప బలంగా ఉండాలని చెంచా నిండుగా వేస్తున్నాం" అన్నారంటే కారణం దొరికినట్టే. చాలా డబ్బాల మీద 30 మిల్లీలీటర్ల నీటికి ఒక చెంచా అని ఉంటుంది, అదీ అంచు దాకా గీసి. నీళ్లు ముందు కొలిచి తర్వాత పొడి వేయాలి. కొలత సరిచేసినా గట్టిగానే వస్తుంటే డాక్టరు మందు ఇస్తారు. సొంతంగా కొనకూడదు.

ఇంకో సందేహం కూడా ఎక్కువగా వస్తుంది. బిడ్డ ముఖం ఎర్రబడేలా పది నిమిషాలు ముక్కి ఏడుస్తుంది, తీరా వచ్చింది మెత్తగానే ఉంటుంది. పొట్ట బిగిస్తూనే మలద్వారాన్ని వదులు చేయడం పసివాళ్లకు ఇంకా చేతకాకపోవడమే ఇందుకు కారణం. కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. తమలపాకు కాడనో సబ్బు ముక్కనో పెట్టడం అలవాటైతే, అది పెడితే తప్ప కదలని పరిస్థితి వస్తుంది. ఆముదం మరీ ప్రమాదం, ఏడుస్తున్న బిడ్డ గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేవచ్చు. ఏడాదిలోపు తేనె కూడా వద్దు, అందులో ఉండే బీజాలు కండరాలను చచ్చుబడేలా చేయగలవు. తల్లిపాలు తాగే బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఎండాకాలమైనా నీళ్లు అక్కర్లేదు. తల్లిపాలలో 87 శాతం దాకా నీరే.

ఇవి కనిపిస్తే మాత్రం ఆగకూడదు: పుట్టిన 48 గంటల్లో నల్లటి తొలి మలం రాకపోవడం, పొట్ట ఉబ్బి బిగుసుకోవడం, ఆకుపచ్చని వాంతి, జ్వరం. పేగు చివరి భాగంలో నాడీకణాలు లేని హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు దాదాపు 5,000 మందిలో ఒకరికి ఉంటుంది, దానికి శస్త్రచికిత్స కావాలి. మలం సున్నంలా తెల్లబడితే అది కాలేయానికి సంబంధించిన అత్యవసరం, రోజులు గడపడానికి లేదు.

ఆరు నెలలు నిండి జావ, మెత్తని అన్నం మొదలుపెట్టినప్పుడు కొందరికి మలం గట్టిపడుతుంది. అప్పుడు చిన్నరసం గుజ్జు ఒకటి రెండు చెంచాలు కలిపి, పాలు యథాప్రకారం ఇస్తే చాలు. అంతకుముందు బాలింత తినే పండు బిడ్డకు చెరుపు చేస్తుందని ఆమెను మామిడికి దూరం పెట్టాల్సిన అవసరం లేదు.