కేబీలు పెంచితే అక్షరం స్పష్టమవదు

ఫైలు ఎన్ని కేబీలుంటే సర్టిఫికెట్ అంత స్పష్టం అన్నది స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలంలో తరచూ వినబడే అపోహ. పరిశీలించే అధికారి చదివేది అక్షరాన్ని. ఆ అక్షరానికి ఎన్ని పిక్సెళ్లు దక్కాయన్నదే లెక్క. ఏ4 కాగితాన్ని అంగుళానికి 200 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే నిలువున సుమారు 2,340 పిక్సెళ్లు వస్తాయి. రెండు మిల్లీమీటర్ల అక్షరానికి పదిహేను దాకా దక్కుతాయి. అదే కాగితాన్ని బల్లంతా పడేలా ఫోటో తీసి, వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే, అది పొడవు వైపు సుమారు 1,600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. అందులో కాగితం సగమే ఉంటే 800. చిన్న అక్షరానికి మిగిలేవి ఐదే. ఐదు పిక్సెళ్లలో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా నిలవదు, ఇంటిపేరే మారిపోయినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత కేబీలు ఎంత పెంచినా పోయిన అక్షరం తిరిగి రాదు. అందుకే డాక్యుమెంట్‌గా పంపాలి.

పోర్టల్ 200 కేబీ దాటనివ్వకపోతే ఎలా అంటారు. న్యాయమైన ప్రశ్నే. ముందు బల్లను కత్తిరించండి. దాని గీతలూ మరకలూ కేబీలను ఊరికే తినేస్తాయి. తర్వాత కొలతను 1,240×1,754 పిక్సెళ్లకు తగ్గించండి, చివరగా నాణ్యతను కొద్దికొద్దిగా దించండి. ఫైలు చిన్నదవుతుందని పూర్తి నలుపు-తెలుపుకు మార్చడం మాత్రం వద్దు. వెలిసిన ఊదారంగు ముద్ర అందులో మాయమవుతుంది, లేదా మరకవుతుంది.

అంచులు కత్తిరిస్తే నీటుగా ఉంటుందన్నది ఇంకో అపోహ. భద్రాచలంలో ఇది మరీ నష్టం. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడక ముందు ఇక్కడి పత్రాల మీద ఖమ్మం జిల్లా అనే ఉండేది. కూనవరం, చింతూరు వంటి మండలాలు 2014లోనే ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. ఇప్పటి చిరునామాకూ పాత పత్రానికీ పొంతన కుదరాలంటే పైన ఉన్న జిల్లా పేరు, తేదీ, కార్యాలయ ముద్ర కనబడాల్సిందే. మీసేవ పత్రమైతే దరఖాస్తు సంఖ్య, డిజిటల్ సంతకం వివరాలు కూడా. కాగితం నాలుగు మూలలూ కనిపించాలి, వాటి బయట సన్నని అంచు మిగలాలి.

లామినేషన్ చేయించిన పత్రమే ఫోటోకి బాగుంటుందన్న నమ్మకం కూడా తప్పే. ఫ్లాష్ వెలుగు ప్లాస్టిక్ మీద తెల్లని మచ్చగా పడి దాని కింది సంతకాన్ని మింగేస్తుంది. స్కానర్ లేదని ఆగనక్కర్లేదు. ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా పత్రాన్ని పరిచి, ఫోన్‌ను కాగితానికి సమాంతరంగా పట్టుకుంటే చాలు. మరీ దగ్గరకు వెళితే అంచులు వంగుతాయి, కాస్త ఎత్తునుంచి తీసి తర్వాత కత్తిరించండి.

అప్‌లోడ్ నొక్కేముందు గ్యాలరీలోని ఫోటోను కాదు, కుదించిన ఆ చివరి ఫైలునే తెరిచి, ముద్రలోని అతి చిన్న అక్షరాన్ని చదవండి. అది మీరు చదవలేకపోతే మళ్లీ ఫోటో తీయండి.