పాలు పడలేదు, నెలసరి రాలేదు: అది బాలింత నీరసమేనా?

కాన్పులో విపరీతంగా రక్తం పోయిన స్త్రీకి ఆ తర్వాత నెలసరి రాకపోయినా, ఒంట్లో సత్తువ లేకపోయినా మన ఇళ్లలో రెండు సమాధానాలు వినిపిస్తాయి. ‘అంత రక్తం పోయాక మళ్లీ పట్టడానికి టైం పట్టదా?’ అన్నది ఒకటి. ‘బిడ్డకు పాలిచ్చినన్నాళ్లూ ముట్టు రాదులే’ అన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, అందుకే అవి ఇన్నేళ్లు నిలిచాయి. కానీ రక్తహీనత వల్ల వచ్చిన నీరసం రక్తం ఎక్కించినా, ఐరన్ మాత్రలు వాడినా కొన్ని నెలల్లో తగ్గుముఖం పట్టాలి. ఇక పాలివ్వడం వల్ల నెలసరి ఆగిందనాలంటే ముందు పాలంటూ పడాలి కదా! మొదటినుంచీ డబ్బాపాల మీదే పెరిగిన బిడ్డ తల్లికి సాధారణంగా రెండు మూడు నెలల్లో నెలసరి తిరిగి వస్తుంది. పాలూ పడక, ముట్టూ రాక, నీరసమూ తగ్గకపోతే అవి మూడు వేర్వేరు సమస్యలు కాకపోవచ్చు. మూడింటి వెనుకా ఒకే గ్రంథి ఉండవచ్చు.

ఆ గ్రంథి మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ. పాలు పడటానికి ప్రొలాక్టిన్‌ను విడుదల చేసేది, అండాశయాలకూ థైరాయిడ్‌కూ అడ్రినల్ గ్రంథులకూ ఆదేశాలిచ్చేది ఇదే. గర్భంతో ఉన్నప్పుడు ప్రొలాక్టిన్ కణాలు పెరిగి ఇది ఉబ్బుతుంది, రక్తం అవసరం కూడా పెరుగుతుంది. కానీ దాని ముందు భాగానికి రక్తం ఎక్కువగా తక్కువ పీడనంతో పారే సన్నని సిరల గుండా చేరుతుంది. మాయ సరిగా పడకనో, గర్భసంచి ముడుచుకోకనో లీటరుకు మించి రక్తం పోయి బీపీ పడిపోతే ఆ భాగానికి సరఫరా తెగి కణాలు చచ్చిపోవచ్చు. బ్రిటన్ పాథాలజిస్టు హెరాల్డ్ షీహన్ 1937లో దీన్ని వివరించాడు. ఆయన పేరు మీదే దీన్ని షీహన్ సిండ్రోమ్ అంటున్నాం.

‘అదే నిజమైతే కాన్పయిన వెంటనే బయటపడాలిగా, ఎనిమిదేళ్ల తర్వాత దాని ఊసెందుకు?’ అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. గ్రంథి చాలావరకు దెబ్బతిన్నా మిగిలిన కణాలు కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. కొందరికి నెలసరి కూడా వస్తుంది, అరుదుగా మళ్లీ గర్భమూ నిలుస్తుంది. ఆ కణాలూ క్రమంగా చేతులెత్తేస్తే లక్షణాలు ముదురుతాయి. ఇది పాతకాలపు జబ్బనీ అనలేం. కశ్మీర్ లోయలో జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, బిడ్డల్ని కన్న స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురికి ఇది ఉన్నట్టు అంచనా వేశారు. వారిలో ఎక్కువమంది ఇంట్లోనే కాన్పయినవారు.

పాతికేళ్లకు కాన్పయి, ముప్పై మూడేళ్లకు డాక్టరు దగ్గరికి వచ్చిన స్త్రీని ఊహించండి. చలికి తట్టుకోలేదు, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, చంకల్లో వెంట్రుకలు రాలిపోయాయి, నెలసరి లేదు. ‘ముట్లు ముందుగానే ఆగాయి’ అని ఇంట్లోవాళ్లు తేల్చేశారు. కానీ అండాశయాలు ముందుగా ఆగితే ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా పెరగాలి, ఈమెకు అది తక్కువగా ఉంది. గర్భసంచిని గీకి శుభ్రం చేసినప్పుడు లోపలి గోడలు అతుక్కున్నా నెలసరి ఆగుతుంది. అయితే అప్పుడు హార్మోన్లు మామూలుగానే ఉంటాయి, వెంట్రుకలు రాలవు. అసలు చిక్కు థైరాయిడ్ పరీక్షతో వస్తుంది. చాలాచోట్ల టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి నార్మల్ అని పంపేస్తారు. ఆ టీఎస్‌హెచ్‌ను తయారుచేసేదే పిట్యూటరీ! దెబ్బతిన్న గ్రంథి పంపిన అంకె నార్మల్‌గా ఉన్నంత మాత్రాన నమ్మడం ఎలా? దాంతోపాటు ఫ్రీ టీ4, ఉదయం ఎనిమిది గంటలప్పటి కార్టిసాల్, ప్రొలాక్టిన్, సోడియం చూస్తే బొమ్మ స్పష్టమవుతుంది. ఎమ్మారైలో గ్రంథి ఉండాల్సిన గుంట ఖాళీగా కనిపించవచ్చు. వీటన్నిటికంటే ముందు ఖర్చు లేని ప్రశ్నలు రెండున్నాయి: కాన్పులో ఎంత రక్తం పోయింది, పాలు పడ్డాయా?

జబ్బు తెలిశాక కూడా ఒక అపోహ మిగులుతుంది: థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే నీరసం పోతుందని. కార్టిసాల్ లోటు ఉన్నవారికి ముందు ఆ మాత్ర ఇస్తే శరీరం ఉన్న కాస్త కార్టిసాల్‌నూ వేగంగా ఖర్చుచేసి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే హైడ్రోకార్టిసోన్ మొదట, థైరాయిడ్ మాత్ర తర్వాత. ఆపైన ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్‌తో నెలసరి తెప్పించవచ్చు. మరో బిడ్డ కావాలనుకునేవారికి హార్మోన్ ఇంజెక్షన్ల దారి ఉంది. ‘స్టిరాయిడ్ అంటే చేటు కదా’ అని మధ్యలో మానేసేవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడతారు. ఇక్కడ ఇచ్చేది ఒంట్లో లేని హార్మోన్‌ను, ఉండాల్సినంత మోతాదులోనే. జ్వరం వస్తే డాక్టరు చెప్పినట్టు మోతాదు రెట్టింపు చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి ఇంజెక్షన్ చేయించుకోవాలి.