‘తగిన చర్య తీసుకోబడుతుంది’... ఇంతకీ ఎవరు తీసుకుంటారు?

విజయవాడలోని ఒక చిన్న సంస్థ హైదరాబాద్ కంపెనీకి అట్టపెట్టెలు సరఫరా చేసిందనుకుందాం. ఇన్‌వాయిస్‌లో 500 పెట్టెలని ఉంది. సరుకు దించుకున్నప్పుడు కంపెనీ స్టోర్స్ వాళ్లు రాసిన రసీదులో మాత్రం 480 అని ఉంది. తేడా కనిపెట్టిన అకౌంట్స్ ఉద్యోగి వెంటనే ఒక మెయిల్ పెట్టారు. ‘టు’ గడిలో స్టోర్స్, కొనుగోళ్ల విభాగం, సరఫరాదారు, ముగ్గురూ ఉన్నారు.

ఇంగ్లిష్‌లో రాసిన ఆ మెయిల్‌ను ఉన్నదున్నట్టు తెలుగులోకి తెస్తే ఇలా ఉంటుంది: ‘మీ ఇన్‌వాయిస్ అందుకోబడినది. పరిమాణంలో తేడా గమనించబడినది. అది సరిచూడబడి, సవరించిన ఇన్‌వాయిస్ వీలైనంత త్వరగా సమర్పించబడవలెను.’

వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. మర్యాదకూ లోటు లేదు. కానీ మెయిల్ అందుకున్న ముగ్గురూ దాన్ని మూడు రకాలుగా చదివారు. ‘సరిచూడాల్సింది కొనుగోళ్ల వాళ్లు’ అని స్టోర్స్ ఇన్‌ఛార్జి అనుకున్నారు. ‘లెక్క స్టోర్స్‌ది, వాళ్లే చూస్తారు’ అని కొనుగోళ్ల అధికారి వదిలేశారు. సరిచూడటం పూర్తయ్యాక కంపెనీయే కబురు చేస్తుందని సరఫరాదారు ఎదురుచూస్తూ కూర్చున్నారు. మూడు వారాలు గడిచినా 20 పెట్టెల సంగతి తేలలేదు. పనికి ఎవరూ అడ్డుపడలేదు. కాకపోతే ఆ పని తమదని ముగ్గురిలో ఒక్కరికీ తెలియలేదు.

ఇక్కడ కాలయాపనకు ఖరీదు ఉంది. సూక్ష్మ, చిన్న తరహా సంస్థల నుంచి కొన్న సరుకుకు డబ్బు చెల్లించే గడువు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులకు మించకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. సరుకుపై అభ్యంతరం ఉంటే కొనుగోలుదారు 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే సరుకు అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. గడువు దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ఎవరు చేయాలో చెప్పని మెయిల్ వల్ల ఈ గడువులన్నీ కరిగిపోతాయి.

అదే మెయిల్‌ను కర్తతో రాస్తే:

‘మీ ఇన్‌వాయిస్ 3వ తేదీన అందింది. అందులో 500 పెట్టెలని ఉంది. మా స్టోర్స్ 480 లెక్కపెట్టింది. స్టోర్స్ ఇన్‌ఛార్జి గారు 7వ తేదీ సాయంత్రంలోగా మళ్లీ లెక్కపెట్టించి నాకు చెబుతారు. 480 అని తేలితే 8న మీకు రాస్తాను, మీరు 20 పెట్టెలకు క్రెడిట్ నోట్ పంపాలి. 500 ఉంటే బిల్లును అదే రోజు చెల్లింపుకు పంపిస్తాను.’

ఇప్పుడు ప్రతి క్రియకూ ఒక మనిషి, చాలావాటికి ఒక తేదీ ఉన్నాయి. నిజమైన మెయిల్‌లో హోదాకు బదులు పేరు రాయడం ఇంకా మంచిది. అన్నట్టు, మెయిల్ పెట్టేముందు స్టోర్స్ ఇన్‌ఛార్జికి ఫోన్ చేసి 7వ తేదీకి అవుతుందా అని అడగాలి. అడగకుండా ఇంకొకరి పేరు మీద గడువు రాస్తే అదో కొత్త గొడవ.

సర్కారు భాషకు ఒక కారణం ఉంది

ఈ ‘బడు’ భాష మన ఆఫీసుల్లోకి ఎలా వచ్చింది? తెలుగు నుంచి మాత్రం కాదు. బడిలో కర్మణి ప్రయోగం నేర్చుకున్నాం కానీ, ఇంట్లో ‘అన్నం తినబడింది’ అని ఎవరూ అనరు. ఇది చాలామటుకు ప్రభుత్వ ఉత్తరాల ఇంగ్లిష్ నుంచి వచ్చింది.

రాజ్యాంగంలోని 77వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ కార్యనిర్వాహక చర్యలన్నీ రాష్ట్రపతి పేరిట జరగాలి. రాష్ట్రాల్లో గవర్నర్ పేరిట జరగాలని 166వ అధికరణం అంటుంది. ఉత్తరం మీద సంతకం చేసే అధికారి ఆ నిర్ణయం తీసుకున్నవారు కాకపోవచ్చు. అందుకే ‘తెలియజేయవలసిందిగా నన్ను ఆదేశించడమైనది’ అన్న ధోరణి. ఆఫీస్ మెమొరాండం అయితే ‘నేను’ అన్న మాటే లేకుండా పూర్తిగా ప్రథమ పురుషలో నడుస్తుంది.

అయితే ఆ ఉత్తరం వెనక ఒక ఫైలు ఉంటుంది. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు ఒప్పుకున్నారు, ఏ తేదీన అన్నది నోట్ షీట్‌లో సంతకాలతో సహా ఉంటుంది. బయటి ఉత్తరంలో కర్త కనపడకపోయినా లోపల దొరుకుతాడు. ప్రైవేటు ఆఫీసులు ఆ భాషను తెచ్చుకున్నాయి, ఫైలును తెచ్చుకోలేదు. అక్కడ మెయిలే ఉత్తరం, మెయిలే నోట్ షీట్. అందులో కర్త లేకపోతే ఇంకెక్కడా ఉండడు.

‘బడు’ తీసేస్తే చాలదు

‘బడింది’ అని కనిపించిన ప్రతిచోటా మార్చేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. ‘బిల్లు ఆగింది’, ‘రిపోర్టు పంపాల్సి ఉంది’, ‘విషయం పరిశీలనలో ఉంది’. వీటిలో ఒక్కటీ కర్మణి కాదు, అయినా ఒక్కదానిలోనూ మనిషి లేడు. ‘చూస్తున్నారు’ అన్నదీ అంతే. తెలుగులో కర్తను వదిలేసినా వాక్యం చక్కగా నిలబడుతుంది కాబట్టి లోపం కంటికి ఆనదు. ‘మా టీమ్ చూస్తుంది’ అంటే కర్త ఉన్నట్టే ఉంటుంది కానీ, పదిమంది ఉన్న టీమ్‌లో ఎవరన్నది మళ్లీ మొదటికే వస్తుంది.

పనికొచ్చే పరీక్ష ఒకటే. పంపే ముందు ప్రతి క్రియ దగ్గరా ఆగి ‘ఎవరు?’ అని అడగాలి. జవాబు మెయిల్‌లోనే దొరకాలి, రాసినవారి మనసులో ఉంటే లాభం లేదు. ఆ జవాబు రాసినవారికే తెలియకపోతే అది భాష లోపం కాదు, పని ఇంకా ఎవరికీ అప్పగించలేదన్నమాట. అప్పుడు సరిచేయాల్సింది వాక్యాన్ని కాదు.

కర్తను దాచడమే సరైన సందర్భాలూ ఉన్నాయి. పెట్టెల విషయమే చూస్తే, ‘మీరు 20 పెట్టెలు తక్కువ పంపారు’ అన్నది కర్తరి వాక్యమే, సూటిగానూ ఉంది. కానీ అది నిజమో కాదో ఇంకా తెలియదు. లారీలో పోయి ఉండొచ్చు, స్టోర్స్‌లో లెక్క తప్పి ఉండొచ్చు. తెలిసింది ‘మా స్టోర్స్ 480 లెక్కపెట్టింది’ అన్నంత వరకే. తెలిసినంత వరకే కర్తను పెట్టాలి. తెలియని చోట ‘20 పెట్టెల తేడా వచ్చింది’ అనడమే న్యాయం. బ్యాంకు నుంచి వచ్చే ‘మీ పాస్‌వర్డ్ మార్చబడింది’ అన్న సందేశం కూడా అలాంటిదే. మార్చింది ఖాతాదారో, దొంగో బ్యాంకుకు తెలియదు.

పైఅధికారికి రాసేటప్పుడు

చాలామంది కర్మణిని పట్టుకుని వేలాడేది బద్ధకంతో కాదు, భయంతో. ‘మీరు ఇంకా ఆమోదించలేదు’ అని మేనేజర్‌కు రాయలేక ‘ఆమోదం పొందవలసి ఉన్నది’ అంటారు. ఆ మేనేజర్ రోజూ అందుకునే మెయిళ్లలో అది సమాచారంలా కనిపిస్తుంది తప్ప అభ్యర్థనలా కాదు. చదివి పక్కన పెట్టేస్తారు.

మర్యాద తగ్గకుండానే దీన్ని చెప్పవచ్చు. ‘సర్, కొటేషన్ జత చేశాను. మీరు గురువారంలోగా ఆమోదిస్తే శుక్రవారం ఉదయం ఆర్డర్ పెడతాను. ఆ సరఫరాదారు ఇచ్చిన ధర శుక్రవారం వరకే ఉంటుంది.’ ఇందులో ఆజ్ఞ లేదు, ఫిర్యాదు లేదు. ఎవరి పని ఎంతవరకో, ఆలస్యమైతే ఏం పోతుందో ఉంది.

కొందరు ఇంకో అడుగు వేసి ‘మీ నుంచి కబురు రాకపోతే పాత డిజైన్‌నే వాడతాను’ అని రాస్తారు. జవాబు రాకపోయినా పని ఆగదు కాబట్టి అది బాగానే పనిచేస్తుంది, అయితే నిర్ణయం రాసినవారి పరిధిలో ఉన్నప్పుడే. డబ్బు చెల్లింపులు, ఒప్పందాల మీద సంతకాల విషయంలో మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. అక్కడ గురువారం సాయంత్రం ఒకసారి ఫోన్ చేయాల్సిందే.