స్వామివారికి విన్నపం రాసేటప్పుడు

ఊళ్లో రామాలయం ప్రతిష్ఠ జరిగి ఏడాది కావస్తోంది, మాఘ శుద్ధ దశమి నాడు వార్షికోత్సవం, దానికి ఒక పీఠాధిపతిని పిలవాలని కమిటీ నిశ్చయించింది అనుకుందాం. ఉత్తరం మాత్రం మంత్రిగారికి రాసినట్టే తయారవుతుంది: ‘గౌరవనీయులైన స్వామీజీ గారికి, మా సభకు అధ్యక్షత వహించవలసిందిగా కోరుతున్నాము.’ రాసినవాళ్లకు భక్తి లేక కాదు, యతులకు రాసే పద్ధతి తెలియక.

పీఠాధిపతికి పంపేది ఆహ్వానం కాదు, విన్నపం. ఆయన మఠం నుంచి పంపేది శ్రీముఖం. అద్వైత పీఠమైతే సంబోధన సాధారణంగా ఇలా సాగుతుంది: ‘శ్రీమత్పరమహంస పరివ్రాజకాచార్యవర్యులైన శ్రీ శ్రీ శ్రీ ... మహాస్వామివారి పాదపద్మములకు సాష్టాంగ నమస్కారపూర్వక విన్నపం.’ జీయర్ స్వామివారికైతే పైన ‘శ్రీమతే రామానుజాయ నమః’ అని రాసి, కింద ‘దాసులు’ అని సంతకం చేస్తారు. ‘జగద్గురు’ వంటి బిరుదులను ఊహించి రాయకూడదు. ఒక పీఠం బిరుదావళి మరో పీఠానికి పెడితే మఠంవారు మొదటి పంక్తిలోనే గుర్తుపడతారు. ఆ మఠం శ్రీముఖమో, ఆహ్వానపత్రికో ఒకటి సంపాదించి అక్షరం పొల్లుపోకుండా దించుకోవడమే క్షేమం. ‘బ్రహ్మశ్రీ’ గృహస్థులైన పండితులకు వాడే మాట, సన్న్యాసులకు పనికిరాదు. ‘గారు’ బదులు ‘వారు’ అనాలి.

అసలు కోరికను ఇలా రాయవచ్చు: ‘తమ దివ్య సన్నిధిలో వార్షికోత్సవం జరిపించుకునే భాగ్యాన్ని ప్రసాదించి, అనుగ్రహ భాషణంతో మమ్ములను ఆశీర్వదించ ప్రార్థన.’ సభకు అధ్యక్షుడు కావాలంటే ఊరి పెద్దను పెట్టుకోవచ్చు. స్వామివారి సన్నిధి అధ్యక్ష స్థానం కంటే పైది. భోజన ఏర్పాట్లు అని రాయకుండా ‘భిక్ష’ అనాలి.

ఇక వివరాలు. తిథితో పాటు ఇంగ్లిషు తేదీ, ఊరికి దారి, విడిది ఎక్కడో, మడిగా వంట చేసుకునే చోటు, నూతి నీటి వసతి, పాదపూజ వేళ, మాట్లాడవలసిన ఒక్క మనిషి ఫోన్ నంబరు. ఇవన్నీ విన్నపంలో కలిపేయకుండా వేరే కాగితం మీద రాసి మఠం కార్యాలయానికి ఇవ్వాలి. మజిలీలు నిర్ణయించేవారికి అక్కరకొచ్చేది ఆ కాగితమే. ఆషాఢ పౌర్ణమి నాడు చాతుర్మాస్య దీక్ష మొదలవుతుంది. చాలా పీఠాల్లో అది భాద్రపద పౌర్ణమి దాకా సాగుతుంది. ఆ రోజుల్లో స్వామివారు ఒకేచోట ఉంటారు కనుక ప్రయాణం అడగకూడదు. దర్శనానికి మాత్రం అది మంచి సమయం. మాఘమాసపు ఉత్సవానికి అప్పుడే వెళ్లి విన్నవించుకోవచ్చు.

విన్నపాన్ని పోస్టులో పంపకుండా, నాలుగు మూలలా పసుపు పెట్టి, పండ్లు, పూలతో పళ్లెంలో ఉంచి సమర్పించడం ఆనవాయితీ. స్వామివారు ‘చూద్దాం’ అంటే అది ఒప్పుకోలు కాదు. మఠం నుంచి తేదీ ఖాయమైనట్టు కబురు వచ్చేదాకా కరపత్రాల మీద ఆయన పేరు అచ్చు వేయించకండి.