జవాబు మీదే... అంకె ఎవరిది?

సాయంత్రం ఆరు గంటలు. తలుపు తట్టిన సర్వే కుర్రాడు ఫారం తీసి అడుగుతాడు: ‘అమ్మా, మీ ఇంట్లో మీరు రోజుకు టీవీ ఎంతసేపు చూస్తారు?’ ఆవిడ ఆలోచనలో పడుతుంది. వంట చేస్తూ విన్న సీరియల్ లెక్కలోకి వస్తుందా? వార్తలు పెట్టింది ఆయన కదా! ఈలోగా కుర్రాడే ఒక కార్డు చేతికిస్తాడు. అందులో ఆరు గడులు. ‘వీటిలో ఏది?’ హమ్మయ్య అనుకుని ఆవిడ నడిమధ్య గడి మీద వేలు పెడుతుంది.

చిక్కంతా ఆ కార్డులోనే ఉంది.

జర్మనీలో నార్బర్ట్ ష్వార్జ్, ఆయన సహచరులు సరిగ్గా ఇదే ప్రశ్నతో ఒక ప్రయోగం చేశారు. దాని వివరాలు 1985లో అచ్చయ్యాయి. అందరినీ అడిగింది ఒక్కటే... రోజుకు టీవీ ఎంతసేపు చూస్తారని. కార్డులు మాత్రం రెండు రకాలు. మొదటి కార్డు ‘అరగంట లోపు’తో మొదలై, అరగంట చొప్పున పెరుగుతూ ‘రెండున్నర గంటల పైన’ దగ్గర ఆగుతుంది. రెండో కార్డు మొదలవడమే ‘రెండున్నర గంటల లోపు’ అని! అక్కణ్నుంచి పెరిగి ‘నాలుగున్నర గంటల పైన’ దాకా వెళ్తుంది.

రెండు కార్డుల్లోనూ రెండున్నర గంటల గీత ఉంది కాబట్టి పోల్చడం తేలికే. మొదటి కార్డు అందుకున్నవాళ్లలో ఆ గీత దాటామన్నది 16.2 శాతం. రెండో కార్డు వాళ్లలో 37.5 శాతం! రెండు గుంపులూ ఒకే తరహా మనుషులు. మారింది కార్డు ఒక్కటే.

అబద్ధాలాడారా అంటే, అదేం లేదు. రోజూ చేసే పనిని ఎవరూ లెక్కబెట్టి గుర్తుంచుకోరు. అడిగినప్పుడు అంచనా వేస్తారు. ఆ అంచనాకు ఆసరాగా కార్డు దొరుకుతుంది. ‘తెలిసినవాళ్లు తయారుచేసిన కార్డు, మధ్యలో ఉన్నది మామూలు జనం లెక్క అయి ఉంటుంది, మనమూ పదిమందిలాంటి వాళ్లమే’ అని మనసు సర్దుకుంటుంది. ఏడాదికోసారి ఆస్పత్రిలో చేరడంలాంటి విషయమైతే కార్డు ఇంతగా లాగలేదు. అది గుర్తుంటుంది కాబట్టి.

ఇంకో తమాషా కూడా బయటపడింది. చిన్న అంకెల కార్డు చూసినవాళ్లు ‘జనం టీవీ తక్కువే చూస్తారన్నమాట, మనమే ఎక్కువ’ అనుకున్నారు. తీరిక వేళలు గడుపుతున్న తీరు మీద వాళ్లకు తృప్తి కూడా తగ్గింది. జవాబు తీసుకోవాల్సిన కార్డు మనిషికే ఒక అభిప్రాయం అంటగట్టి పోయింది!

ఖాళీ గడి ఇస్తే?

కార్డు తీసేసి ‘గంటలు ___, నిమిషాలు ___’ అని ఖాళీ వదిలితే ఈ లాగుడు ఉండదు. కానీ కొత్త తంటా వస్తుంది. జనం గుండ్రటి అంకెలే చెబుతారు. గంటా నలభై అయిదు నిమిషాలు చూసినాయన ‘రెండు గంటలు’ అంటాడు, రెండు గంటలా ఇరవై నిమిషాలు చూసినావిడా అదే మాట. ఇక నివేదికలో ‘రెండు గంటలకు మించి’ అని రాస్తే ఇద్దరూ బయటికి పోతారు. ‘రెండు గంటలు, ఆపైన’ అంటే ఇద్దరూ లోపలికొస్తారు. ఒక్క మాట తేడాతో శాతం ఎక్కడికో పోతుంది.

‘నెలలో ఎన్ని రోజులు?’ అన్నా ఇంతే. ఒకటి, రెండు, మూడు అన్నవాళ్లు నిజంగానే లెక్కపెట్టి ఉంటారు. పది దాటాక పదిహేను, ఇరవై, ముప్పై తప్ప పదమూడు, పదిహేడు పెద్దగా వినబడవు. జవాబులను గ్రాఫ్ గీస్తే ఆ గుండ్రటి అంకెల దగ్గర గోపురాలు లేస్తాయి. అక్కడ అంచనా మొదలైందని దాన్నిబట్టే పట్టేస్తారు. ఇక ‘మా ఇంట్లో టీవీ కట్టేదే లేదు’ అని 24 గంటలు రాయించేవాళ్లు ఇద్దరు తగిలితే చాలు, సగటు పైకి ఎగబాకుతుంది.

అయినా ఈ రెంటిలో ఖాళీ గడే నయం. గుండ్రటి అంకె మనిషి సొంత అంచనాలోంచి వస్తుంది, దాని జాడ గ్రాఫ్‌లో కనబడుతుంది. కార్డు చేసిన మాయ అలా కాదు. ఒక్క కార్డే వాడిన సర్వేలో దాన్ని పట్టుకునే దారే లేదు. మద్యం అలవాటులాంటివి అంకె చెప్పడానికి మొహమాటపడే విషయాలు. అక్కడ గడులే మేలు. అప్పుడైనా ముందు కొద్దిమందిని ఖాళీ గడితో అడిగి, వచ్చిన జవాబులను బట్టి గడులు కట్టాలి.

మూడో దారి ‘సాధారణంగా’ అనే మాటే తీసేయడం. మన దేశంలో 2019లో జరిగిన టైమ్ యూజ్ సర్వేలో ముందురోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి ఆ రోజు 4 గంటల దాకా, అరగంట అరగంటకు ఏం చేశారో అడిగి రాసుకున్నారు. ఆ ఒక్కరోజు పెళ్లికెళ్లినావిడ టీవీయే చూసి ఉండదు. కాబట్టి ఈ పద్ధతి ఆవిడ అలవాటు చెప్పలేదు. వేల ఇళ్లలో, వారంలోని అన్ని రోజులూ అడిగితే ఊరి లెక్క మాత్రం చెబుతుంది.