అరవై సెకన్ల టమోటా

ఒక నిమిషంలో తెలుగులో ఎన్ని మాటలు చెప్పొచ్చు? ఇంగ్లీషు పుస్తకాలు నూటయాభై దాకా అంటాయి. ఆ లెక్కతో రాసుకుని మైకు ముందు కూర్చుంటే సగం దాటకుండానే ఊపిరి అందదు. మన మాటలు పొడవు. ‘పొలంలోకి’, ‘అమ్ముకోవాల్సొచ్చింది’ లాంటివి ఒక్కొక్కటే మాట, పలికేటప్పుడు మాత్రం చోటు బాగా తింటాయి. ఆగి, తెలిసేలా చదివితే నిమిషానికి నూరో నూటపదో దాటవు. అందులో చప్పుళ్లకూ మౌనానికీ పావు వంతు తీసేస్తే చేతిలో మిగిలేది అరవై నుంచి ఎనభై మాటలు. వారం వారం వచ్చే ఒక సేద్యం పాడ్‌కాస్టును కొత్తవాళ్లకు పరిచయం చేసే ట్రైలర్ అంతా వాటిలోనే ఇమడాలి.

ట్రైలరంటే తొలి భాగం రావడానికి వారం పది రోజుల ముందే పెట్టే నిమిషం నమూనా. రేడియోకు దీని అవసరం పెద్దగా పడలేదు. ఆకాశవాణిలో పొలం పనుల కార్యక్రమాలు దశాబ్దాల నుంచి ఉన్నాయి, 2004లో కిసాన్ వాణి కూడా వచ్చింది. వాటికి స్టేషనూ తెలుసు, వేళా తెలుసు. ఆ వేళకు రేడియో పెట్టుకుని కూర్చున్నవాడికి మళ్లీ పరిచయమెందుకు? ఫోనులో అలా కాదు. వినేవాడి వేలు తెర మీదే ఉంటుంది. నచ్చకపోతే నాలుగో సెకనులోనే పక్కకు తోసేస్తాడు.

అందుకే చాలా ట్రైలర్లు మొదటి వాక్యానికే చచ్చిపోతాయి. ‘నమస్కారం మిత్రులారా, వ్యవసాయ ప్రధానమైన మన దేశంలో రైతే వెన్నెముక’ అని మొదలుపెడితే ఎనిమిది సెకన్లు ఖర్చు. ఏ ఊరో, ఏ పంటో, ఎవరి గొంతో ఇంకా రాలేదు. పైగా ఆ మాట ఏ సభలోనైనా చెప్పొచ్చు. ఈ కార్యక్రమానికి తప్ప ఇంక దేనికీ అతకని వాక్యంతో మొదలుపెట్టడం మంచిది.

ఒక కార్యక్రమాన్ని ఊహించుకుని ట్రైలర్ రాసి చూద్దాం. చిన్న ఊరి సేద్యం అంటే నాకు మొదట తోచేది మదనపల్లె. ఊళ్లోనే టమోటా మార్కెట్టు, చుట్టూ నారు పెంచే నర్సరీలు, ఎరువుల అంగళ్లు, ఆ చుట్టూ బోరు నీళ్ల చేలు. మిట్ట ప్రాంతం, కాస్త చల్లదనం ఉంటుంది కాబట్టి వేసవిలో మిగతా చోట్ల టమోటా తగ్గినప్పుడు ఇక్కడ కాయ దొరుకుతుంది. ఎక్కడెక్కడి వ్యాపారులో అందుకే వస్తారు. ధర ఎక్కినా దిగినా ముందు కళ్లు ఇటే తిరుగుతాయి. 2023 జూలైలో ఇక్కడ మార్కెట్టులోనే కిలో వంద రూపాయలు దాటింది. సెప్టెంబరు వచ్చేసరికి ధర కుప్పకూలి, రాయలసీమలో కొన్ని చోట్ల రైతులు కాయను రోడ్డు పక్కన పారబోశారు. ఆ రెండు నెలల మధ్య దూరమే మన కార్యక్రమం. పేరు ‘లెక్క తేలాక’ అనుకుందాం. వారానికి ఒక రైతు, ఒక పంట, నారు నుంచి డబ్బు చేతికొచ్చేదాకా జమాఖర్చు.

స్క్రిప్టు రాసేముందు రైతు గొంతు దొరకాలి. ఆ మాటలు మనం రాసివ్వకూడదు. రాసిచ్చి చదివిస్తే బడి పిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది, పక్క ఊరి రైతు ఇట్టే పట్టేస్తాడు. దొరికించుకునే దారి ప్రశ్నలో ఉంది. ‘రైతుల సమస్యల మీద మీ అభిప్రాయం ఏంటి?’ అంటే గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెడతారు. ‘అన్నా, నిన్న ఎన్ని బాక్సులు దించినారు? ఎంత పలికింది? మొన్న అనుకున్నది ఎంత?’ అంటే మాట ఇంట్లో మాట్లాడుకున్నట్టు వస్తుంది. మధ్యలో ఎక్కడో ఒక వాక్యం దానంతట అదే పడుతుంది. అర్ధగంట రికార్డింగులో ఆరేడు సెకన్లు దక్కితే పని అయినట్టే. దాన్ని శిష్టభాషలోకి దిద్దకండి. ‘తెలుస్తాదన్నా’ అన్న మాట ‘తెలుస్తుందండీ’గా మారితే ఊరు పోయినట్టే.

తర్వాత చప్పుళ్లు. ఇక్కడ మోసపోవడం సులువు. నెట్‌లో ఉచితంగా దొరికే ‘పొలం’ శబ్దాల్లో డీజిలింజను డుగడుగలు, పిట్టల కూతలు, వేణువు ఉంటాయి. మదనపల్లె చుట్టుపక్కల లోతు బోర్లు, మోటారు నీళ్లలో మునిగి ఉంటుంది. దాని చప్పుడు పైకి వినపడదు. వినపడేది స్టార్టరు టక్కుమనడం, కాసేపటికి పైపులో గాలి తన్నుకుని రావడం, తర్వాత నీళ్లు. డ్రిప్పు ఉన్న చేలో ఆ నీళ్ల ధార కూడా ఉండదు, ఫిల్టరు దగ్గర సన్నటి బుస మాత్రమే. డీజిలింజను పెడితే పట్నంవాళ్లకు తెలియకపోవచ్చు. అసలు వినాల్సిన వాళ్లు మాత్రం నవ్వుకుని ఆపేస్తారు. కాబట్టి ఆ చేలోనే, ఆ మార్కెట్టులోనే రికార్డు చెయ్యాలి. మైకుకు గాలి తగలకుండా బొచ్చు తొడుగు వెయ్యాలి. అది లేకపోతే మిట్ట మీది గాలి ఫోనులో ప్లాస్టిక్ సంచి నలిపినట్టు వినిపిస్తుంది. ఎవరూ మాట్లాడని అర నిమిషం నిశ్శబ్దాన్ని కూడా ప్రతి చోటా పట్టుకోవాలి. తర్వాత మాటలు కోసి అతికించేటప్పుడు అతుకులు కప్పేది అదే.

ఇక స్క్రిప్టు. కాగితాన్ని సెకన్ల వారీగా విడగొట్టి, చప్పుడు వేరుగా మాట వేరుగా రాసుకుంటారు.

0–6 సెకన్లు. చప్పుడు: బాక్సులు ఒకదాని మీద ఒకటి దించడం, వెనక వేలం పాట. మాట లేదు.

6–14. రైతు: ‘నారు పెట్టేటప్పుడు రేటు ఎవురికి తెలుస్తాదన్నా? బాక్సు దించినాకనే తెలిసేది.’

14–29. వ్యాఖ్యాత: ‘మదనపల్లె. తెల్లారేసరికి బండ్లు బారులు తీరే ఊరు. ఈ వైపు ఒక జూలైలో బంగారమైన టమోటా, ఆ సెప్టెంబరుకే రోడ్డు పక్కన కుప్ప. అదే చేను. అదే రైతు. మధ్యలో ఏం జరిగింది?’

29–33. చప్పుడు: స్టార్టరు టక్కు, పైపులో గాలి, నీళ్లు.

33–49. వ్యాఖ్యాత: ‘చిన్న ఊళ్ల చుట్టూ ఉన్న చేలకు వెళ్తాం. వారానికి ఒక రైతు. ఒక పంట. ఒక లెక్క. నారు కొన్న రూపాయి నుంచి చేతికొచ్చిన రూపాయి దాకా.’

49–57. వ్యాఖ్యాత: ‘లెక్క తేలాక. ప్రతి ఆదివారం పొద్దున. మీ ఫోనులో, పాడ్‌కాస్టులు వినే చోట.’

57–60. చప్పుడు: వేలం పాట చివరి పిలుపు. మధ్యలోనే కట్.

అరవై మాటలకు కాస్త అటూ ఇటూ ఉంది. రైతు మాట నమూనా కోసం రాసిందే, అసలు స్క్రిప్టులో ఆ చోటు ఖాళీగా ఉంచి రికార్డింగులో దొరికిన వాక్యంతో నింపుతారు. ఆ వాక్యాన్ని బట్టి తర్వాతి రెండు పంక్తులు మారిపోతాయి, మారాలి కూడా.

కొన్ని చోట్ల ఎందుకు ఇలా రాయాల్సి వచ్చిందో చెప్పాలి. 2023 అన్న ఏడాదీ, వంద రూపాయలన్న ధరా ట్రైలర్లో లేవు. ట్రైలర్ ఏడాది పొడవునా అక్కడే ఉంటుంది. వచ్చే వేసవిలో విన్నవాడికి వంద అంటే ఎక్కువో తక్కువో అప్పటి ధరను బట్టి ఉంటుంది. అంకెల చోటు మొదటి భాగం. ‘ఇక్కడ’ అనకుండా ‘ఈ వైపు’ అనడానికి కారణం ఉంది. కాయ పారబోసింది రాయలసీమలో వేరే వేరే చోట్ల. మదనపల్లె పేరు చెప్పిన వెంటనే ‘ఇక్కడ’ అంటే, ఈ మార్కెట్టు గుమ్మం ముందే పారబోశారని అర్థమవుతుంది. నిమిషంలో ఇరికించే తొందరలో ఇలాంటి అబద్ధాలు మనకు తెలియకుండానే దొర్లుతాయి. లెక్క చెప్తామని మాటిచ్చే కార్యక్రమం తొలి నిమిషంలోనే తప్పులెక్క చెప్పకూడదు కదా.

‘ఏం జరిగింది?’ అన్న ప్రశ్నకు జవాబు కూడా ట్రైలర్లో లేదు. కావాలనే వదిలేశాం, కానీ మన దగ్గర ఉండాలి. జూలై ధర చూసి ఎక్కువమంది ఒకేసారి నారు పెట్టారు. నాటిన రెండు నెలలకు, కాస్త అటూ ఇటుగా, మొదటి కోత వస్తుంది. ఆ కోతలన్నీ ఒకేసారి మార్కెట్టుకు వచ్చి పడ్డాయి. మిగతా ప్రాంతాల పంట కూడా అప్పటికే దిగింది. టమోటా దాచుకునే సరుకు కాదు, ఎర్రబడ్డాక నాలుగు రోజులు ఆగదు. ఈ కథ మొదటి భాగంలో నిలబడుతుందని తెలిసినప్పుడే ట్రైలర్లో ప్రశ్న వెయ్యాలి. జవాబు లేని ప్రశ్నతో ఊరించి, తొలి భాగంలో స్వాగతోపన్యాసం వినిపిస్తే రెండో ఆదివారానికి ఎవరూ ఉండరు.

సంగీతం గురించి రెండు ముక్కలు. సినిమా పాట బిట్టు వాడితే హక్కుల గొడవ, ట్రైలర్ని తీసేసే ప్రమాదం. సొంతంగా చేయించుకున్నా మాట కింద బాగా తగ్గించాలి. స్టూడియో హెడ్‌ఫోన్లలో గంభీరంగా వినిపించే డప్పు మోత చవక ఫోను స్పీకరులో అసలు వినపడదు, మిగిలేది గలగల మాత్రమే. మన స్క్రిప్టులో సంగీతం పెట్టలేదు. వేలం పాటకే ఒక లయ ఉంది, దాని మీద ఇంకో లయ ఎందుకు? పరీక్ష కూడా ఫోను మీదే చెయ్యాలి. కదిలే ఆటోలో, స్పీకరు ఆన్ చేసి, పక్కవాడికి వినిపించి ‘ఏ ఊరు? ఏ రోజు వస్తుందన్నాడు?’ అని అడగండి. రెండింటిలో ఒకటి తప్పు చెప్పినా మాటలు నెమ్మదించాలి, లేదా చప్పుడు తగ్గాలి. ధ్వని మట్టం `-16 LUFS` దగ్గర ఉంచితే, వేరే కార్యక్రమం తర్వాత మనది వచ్చినప్పుడు వినేవాడు శబ్దం పెంచుకోవాల్సిన పని పడదు.

పెట్టేటప్పుడు ఒక చిన్న సాంకేతిక సంగతి. ట్రైలర్ని మామూలు భాగంలా ఎక్కిస్తే కొత్త భాగాల కింద పడి కనపడకుండా పోతుంది. ఫీడ్‌లో దాన్ని ట్రైలర్‌గా గుర్తు పెట్టాలి:

```
<itunes:episodeType>trailer</itunes:episodeType>
```

హోస్టింగ్ సైట్లలో సాధారణంగా దీనికి ఒక బటనుంటుంది, అది నొక్కితే ఈ పంక్తి దానంతటదే పడుతుంది. ఆ తర్వాత యాప్ దాన్ని కార్యక్రమం పేజీలో పైన విడిగా చూపించగలదు.

మరొకటి, చివరి పంక్తిని విడిగా రికార్డు చేసి దాచుకోండి. ఆదివారం అనుకున్నది కొన్ని వారాలకు శనివారమవుతుంది, చేలో పనుల వేళలు అలా ఉంటాయి. అదే గది, అదే మైకు, అదే దూరం, మైకు ఎంత దూరంలో ఉందో కాగితం మీద రాసుకుంటే మరీ మంచిది. అప్పుడు ఆ ఒక్క వాక్యం మార్చి అతికిస్తే సరిపోతుంది, మిగతా యాభై సెకన్ల జోలికి వెళ్లక్కర్లేదు.